కృష్ణకు రెండు ఒడ్లు: విప్లవం వస్తుందా, తెస్తారా?

(పిడుగురాళ్లలో ఇచ్చిన స్మారకోపన్యాసం, ముద్రణ పాఠం)



ఈ ఊళ్లో చాలా ఏళ్లు చరిత్ర పాఠం చెప్పిన మాస్టారి జ్ఞాపకార్థం మనం కలుసుకున్నాం. ఆయన విద్యార్థులను పదేపదే అడిగిన ప్రశ్న ఒకటుంది. దాచేపల్లి దాటి పొందుగల దగ్గర వంతెన ఎక్కితే అవతల వాడపల్లి, నల్గొండ జిల్లా. భాష ఒకటే, నేల ఒకటే, జొన్న ఒకటే. సాగర్ కాలవలు రాకముందు రెండు ఒడ్లూ మెట్ట ప్రాంతాలే, రెండింటా పేదరికమే. 1946 నుంచి 1951 దాకా అవతల ఒడ్డున రైతులు తుపాకులు పట్టారు, దొరల భూములు పంచుకున్నారు, పల్లెల్లో సొంత పాలన నడిపారు. ఇవతల అది జరగలేదు. ఎందుకు జరగలేదు? ఆ ప్రశ్ననే ఇవాళ ఉపన్యాసాంశంగా తీసుకున్నాను. చారిత్రక సమాజశాస్త్రంలో సామాజిక విప్లవాలకు చెప్పే రెండు ప్రధానమైన కారణాలను ఈ ఏటి రెండు ఒడ్ల మీద పెట్టి చూస్తాను.

మొదటిది నిర్మాణ వివరణ. థెడా స్కాచ్‌పోల్ 1979లో ప్రచురించిన పుస్తకంలో ఫ్రాన్స్, రష్యా, చైనా విప్లవాలను పక్కపక్కన పెట్టి దీన్ని నిలబెట్టింది. ఆమె లెక్కలో విప్లవాన్ని ఎవరూ పథకం వేసి తీసుకురారు. బయటి రాజ్యాల ఒత్తిడికి పాత రాజ్యయంత్రం బీటలు వారుతుంది. సైన్యం, పన్నుల వ్యవస్థ చేతులెత్తేస్తాయి. పల్లెల్లో భూస్వామ్యం రైతులు కలిసికట్టుగా తిరగబడడానికి వీలిచ్చే తీరులో ఉంటే ఆ బీటలోంచి విప్లవం వస్తుంది. నాయకులు, పార్టీలు, సిద్ధాంతాలు ఆ తర్వాత ఖాళీ అయిన అధికారాన్ని అందుకోవడానికి పనికొస్తారు.

రెండోది సమీకరణ వివరణ. చార్లెస్ టిల్లీ 1978 నాటి పుస్తకంలో దీనికి స్పష్టమైన రూపమిచ్చాడు. కష్టాలు ఎప్పుడూ ఉంటాయి, కష్టం ఒక్కటే మనిషిని లేపదు అన్నది ఆయన మొదటి మెట్టు. జనం ఒక సంస్థగా కూడాలి. డబ్బు, మనుషులు, నమ్మకం కూడగట్టుకోవాలి. అవకాశం కనిపించినప్పుడు కదలాలి. ఒకే నేల మీద రెండు అధికారాలు పన్ను అడుగుతూ, తీర్పు చెబుతూ, జనం కొంత భాగం కొత్త అధికారం మాట వింటూ, పాత ప్రభుత్వం దాన్ని అణచలేకపోతే అది విప్లవ పరిస్థితి. ఆ పరిస్థితి విప్లవంగా ముగుస్తుందా లేదా అన్నది ఆయనకు వేరే ప్రశ్న. ఈ తేడా మనకు చాలా అవసరం. ఎందుకంటే తెలంగాణలో విప్లవ పరిస్థితి నిస్సందేహంగా వచ్చింది, విప్లవ విజయం మాత్రం రాలేదు. స్కాచ్‌పోల్ గీసిన గీత ప్రకారం అది పూర్తి సామాజిక విప్లవం కాదు. అయినా సగంలో ఆగినదాన్ని పరిశీలిస్తేనే ఏది ఏ పని చేసిందో విడివిడిగా కనిపిస్తుందని నా నమ్మకం.

ముందు ఇవతలి ఒడ్డు. పల్నాడులో తిరుగుబాటు లేదని ఎవరైనా అంటే ఈ సభ ఒప్పుకోదు. 1921లో అడవి పుల్లరికి ఎదురు తిరిగిన ప్రాంతం ఇది. పశువులను అడవిలో మేపుకోవడానికి పన్ను కట్టబోమని పల్లెలు మొండికేశాయి. అటవీ, రెవెన్యూ ఉద్యోగులకు చాకలి, మంగలి సేవలు బంద్ చేశారు. అదే కాలంలో పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన పన్నుల నిరాకరణ సాగింది. మునసబులు, కరణాలు మూకుమ్మడిగా రాజీనామాలు ఇచ్చారు, శాంతిసేన వలంటీర్లు ఊరూరా తిరిగారు. టిల్లీ అడిగినవన్నీ అక్కడ ఉన్నాయి: సంస్థ, క్రమశిక్షణ, నాయకత్వం, జనం. చౌరీచౌరా తర్వాత 1922 ఫిబ్రవరిలో గాంధీజీ సహాయ నిరాకరణను నిలిపివేయడంతో ఉద్యమం కాళ్లు విరిగాయి. ఆ నెల 22న మించాలపాడు దగ్గర పోలీసు తూటాలకు కన్నెగంటి హనుమంతు నేలకొరిగాడు.

విరమణ నిర్ణయమే ఓటమికి కారణమని మనం చెప్పుకుంటాం. అందులో నిజం ఉంది కానీ సగమే. 1922లో మద్రాసు ప్రభుత్వానికి సైన్యం చెక్కుచెదరలేదు, జీతాలు ఆగలేదు, రాజీనామా చేసిన కరణం స్థానంలో మరొకరిని వేయగలిగింది, జప్తు చేసిన పశువులను వేలం వేయగలిగింది. రాజ్యం గట్టిగా నిలబడి ఉన్నప్పుడు ఎంత గొప్ప సమీకరణ అయినా దానితో ఢీకొని ఆగుతుంది. స్కాచ్‌పోల్ పక్షాన పల్నాడు ఇచ్చే సాక్ష్యం ఇది.

ఇప్పుడు ఏరు దాటుదాం. నల్గొండ దొరకూ గుంటూరు జిల్లా పెద్దరైతుకూ తేడా ఎకరాల్లో మాత్రమే చూస్తే అసలు విషయం జారిపోతుంది. 1832-33 నందన కరువు తర్వాత గుంటూరు జమీందారీలు అప్పుల్లో కూలిపోయి, 1840ల నుంచి ఇక్కడ రైత్వారీ స్థిరపడింది. పట్టా రైతు పేర ఉంటుంది, శిస్తు రైతు కడతాడు. పెద్దరైతు ఎంత బలవంతుడైనా తహసీల్దారు వేరే మనిషి, పోలీసు వేరే మనిషి, కోర్టు గుంటూరులోనో గురజాలలోనో ఉంటుంది. అవతల దేశ్‌ముఖ్‌లు మొదట్లో నిజాంకు శిస్తు వసూలు చేసి పెట్టే మనుషులు. వసూలు చేతిలో ఉండడంతో భూమి చేతికొచ్చింది, పట్వారీ రాత వాళ్ల గుప్పెట్లోకొచ్చింది. ఊరికి వచ్చిన అమీను దొర గడీలోనే దిగేవాడు, అక్కడే భోంచేసేవాడు. వెట్టి చేసేది దొరకా, సర్కారుకా అంటే చేసేవాడికి తేడా తెలియదు. కుమ్మరి కుండలివ్వాలి, మాదిగ చెప్పులు కుట్టివ్వాలి, గొల్ల గొర్రెనివ్వాలి. అవన్నీ ఒకే గుమ్మంలోకి వెళ్లేవి.

దీనివల్ల ఒక విచిత్రమైన బలహీనత పుట్టింది. గుంటూరు పల్లెలో పెద్దరైతును తరిమేసినా మర్నాడు ప్రభుత్వం అక్కడే ఉంటుంది. నల్గొండ పల్లెలో దొర గడీ వదిలి పారిపోతే శిస్తు, పోలీసు, తీర్పు, రికార్డు అన్నీ అదే రాత్రి ఊరు వదిలిపోతాయి. నిజాం రాజ్యానికి పల్లెలో గడీ తప్ప వేరే కాళ్లు లేవు. కారొలిన్ ఇలియట్ 1974లో తెలంగాణ తిరుగుబాటు మీద రాసిన వ్యాసంలో ఆ పోరాటాన్ని ఒక పాత కొలువు పాలన పతనంగా చూసింది. పల్లె మట్టానికి దిగి చూస్తే ఆ చూపులో పదును తెలుస్తుంది.

పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ కథ మీ అందరికీ తెలుసు. దాన్ని మరోసారి, ఈ కళ్లతో చూడండి. చాకలి కులానికి చెందిన ఆమె మల్లంపల్లి మక్తాదారు దగ్గర కౌలుకు తీసుకున్న పొలం సాగుచేస్తోంది. పల్లెల్లో సంఘం అని పిలిచే ఆంధ్ర మహాసభలో చేరిందని విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి కంటగింపు అయింది. అతను ముందు చేసింది కొట్టించడం కాదు. కాగితాల మీద పొలం తనకు కట్టబడేట్టు చూసుకున్నాడు, తర్వాత కోతకు తన మనుషులను పంపాడు. సంఘం కార్యకర్తలు గుతపలు పట్టుకుని పొలంలో దిగి, గూండాలను తరిమి, వడ్లు కొట్టి ధాన్యం ఐలమ్మ ఇంటికి చేర్చారు. ఆమె భర్తనూ కొడుకులనూ పట్టుకెళ్లి హింసించారు, ఇల్లు దోచారు. ఐలమ్మ ఆ పొలం మాత్రం వదల్లేదు.

నిర్మాణం ఇక్కడ ఏం చెబుతుంది? ఒక చాకలి స్త్రీ కౌలు పంట తగాదా నేరుగా రాజ్యంతో తగాదాగా ఎందుకు మారిందో చెబుతుంది. దొర, రికార్డు, పోలీసు ఒకటే కాబట్టి మారింది. ఏం చెప్పలేదు? ఆ రోజు పొలంలో ఆ కార్యకర్తలు ఎందుకున్నారో చెప్పలేదు. వాళ్లు అక్కడ ఉండడానికి 1930లో జోగిపేటలో మొదటి మహాసభ జరుపుకున్న ఆంధ్ర మహాసభ పదిహేనేళ్ల పని ఉంది. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షుడై, మితవాదులు విడిపోయి, సంఘం పల్లెల బాట పట్టడం ఉంది. ఐలమ్మలాంటి వాళ్లు దేశ్‌ముఖ్‌ల ఏలుబడిలో వేలమంది పంట పోగొట్టుకున్నారు. సంఘం ఉన్న చోట మాత్రమే ఆ పంట ఇంటికి వచ్చింది.

ఇక కాలక్రమం. నా ఉపన్యాసానికి ఆయువుపట్టు ఇదే. 1946 జులై 4న కడవెండిలో సంఘం ఊరేగింపు మీద దొర మనుషులు కాల్చారు, దొడ్డి కొమరయ్య చనిపోయాడు. ఆ తర్వాత కొన్ని వారాల్లో వందల ఊళ్లు కదిలాయి. వెట్టి ఆగింది. జనం చేతిలో కర్రలు, వడిసెలలు, స్త్రీల చేతిలో రోకళ్లు, కారం. అప్పటికి నిజాం రాజ్యం చెదరలేదు, బ్రిటిష్ వాళ్లు ఇంకా దేశంలోనే ఉన్నారు. ఒక్క స్కాచ్‌పోల్‌నే నమ్మితే ఈ కదలిక రాకూడదు. వచ్చింది. ఆ తర్వాత ఏమైంది? 1946 చివర ప్రభుత్వం నిషేధాలు విధించింది, సూర్యాపేట, జనగామ, హుజూర్‌నగర్ వైపు సైన్యాన్ని దింపింది, కార్యకర్తలను వందల్లో అరెస్టు చేసింది. 1947 మొదటికి ఉద్యమం నేలకు అణిగింది. సంస్థ అదే, జనం అదే, కసి అదే, ఫలితం మాత్రం 1922 పల్నాడులాంటిదే.

తర్వాత 1947 ఆగస్టు 15 వచ్చింది. నూటయాభై ఏళ్లుగా నిజాం సింహాసనానికి వెనక నిలబడ్డది బ్రిటిష్ సార్వభౌమత్వం. అది ఒక్క రోజులో తొలగిపోయింది. చుట్టూ భారత ప్రభుత్వం, లోపల స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహం, సరిహద్దు పొడవునా శిబిరాలు. సెప్టెంబర్ 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. కిందటేడాది కర్రలతో ఓడిన ఊళ్లే ఈసారి నిలిచాయి. దొరలు గడీలు వదిలి పట్నాలకు చేరారు. గ్రామరాజ్య కమిటీలు ఏర్పడ్డాయి. అప్పు పత్రాలు తగలబెట్టారు, భూములు పంచారు. సుందరయ్య లెక్క ప్రకారం ఈ పోరాటం మూడు వేల గ్రామాలకు పాకింది, పది లక్షల ఎకరాలు పంపకమయ్యాయి. అది ఉద్యమ నాయకుడి లెక్క అని గుర్తుపెట్టుకుని తగ్గించి చూసినా విస్తృతి మారదు. నిర్మాణవాదులు చెప్పినట్టే, బయటి అండ తొలగిన రాజ్యం లోపల కూలింది.

మూడో దశ ఇంకా కఠినమైన పరీక్ష. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాదులోకి ప్రవేశించింది, అయిదు రోజుల్లో నిజాం లొంగాడు. సంఘం దళాలకు అప్పటికి ఏడాది యుద్ధానుభవం ఉంది, ఆయుధాలు ముందుకంటే ఎక్కువ, నాయకత్వం దృఢంగా ఉంది. సమీకరణ పాళ్లు చూస్తే 1946 కంటే 1949లో విజయం సులువవ్వాలి. జరిగింది తలకిందులు. పల్లెకు కొత్త రాజ్యం వచ్చింది, దానికి సైన్యమూ డబ్బూ ఉన్నాయి, దొర అండతో పని లేకుండా పాలించగలదు. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దు చేసింది, 1950లో కౌలుదారీ చట్టం తెచ్చింది. రజాకార్లకు భయపడి సంఘంతో నడిచిన పెద్దరైతులు పక్కకు తప్పుకున్నారు. దళాలు నల్లమలకు, గోదావరి అడవులకు వెనకడుగు వేశాయి. 1951 అక్టోబర్‌లో పోరాటం విరమించారు. ఒకే సంస్థ మూడు దశల్లో మూడు ఫలితాలు చూసింది. మారింది ఎదుటి రాజ్యం. ఎప్పుడు అన్న ప్రశ్నకు నిర్మాణమే జవాబు అని నేను నిశ్చయంగా అంటాను.

అయితే అక్కడితో ఆగితే ఎక్కడ అన్న మరో ప్రశ్నకు అన్యాయం చేసినవాళ్లమవుతాం. హైదరాబాదు రాజ్యం అంటే తెలంగాణ ఒక్కటే కాదు. మరాఠ్వాడా, కన్నడ జిల్లాలు కూడా అదే నిజాం కింద ఉన్నాయి. అదే సార్వభౌమత్వం తొలగింది, అదే రజాకార్ల దౌర్జన్యం. అక్కడా సరిహద్దు శిబిరాల నుంచి స్టేట్ కాంగ్రెస్ కార్యకర్తలు సాయుధ దాడులు చేశారు. కానీ భూమి పంపకం, గ్రామ కమిటీలు, వెట్టి నిర్మూలన తెలంగాణ స్థాయిలో లేవు. తెలంగాణలోనే తీసుకోండి. గద్వాల, వనపర్తి లాంటి పెద్ద సంస్థానాలున్న మహబూబ్‌నగర్‌లో అణచివేతకు కొదవలేదు, అయినా పోరాటానికి గుండెకాయ నల్గొండ, వరంగల్ జిల్లాలే. అప్పటి ఖమ్మం వరంగల్‌లో భాగం. అక్కడ సంఘం ముందే వేళ్లూనింది, కృష్ణా జిల్లా కమ్యూనిస్టు పార్టీ చేయి అందేంత దూరంలో ఉంది. చుట్టూ నిజాం నేల ఉండి కృష్ణా జిల్లాకు చెందిన మునగాల పరగణాలో నండూరి ప్రసాదరావు వంటి వాళ్లు 1930ల చివరే జమీందారీ వ్యతిరేక పోరాటం నడిపారు. ఆ దారిలోనే మనుషులు, ఆయుధాలు, కరపత్రాలు నల్గొండకు చేరాయి. కూలిన రాజ్యం అందరికీ ఒకటే. ఆ సందులోంచి ఏది లోపలికి వచ్చిందో నిర్ణయించింది సంస్థ.

ఇదే పార్టీ మన ఒడ్డున ఎందుకు ఆగిపోయింది? కృష్ణా, గుంటూరు జిల్లాల్లో కమ్యూనిస్టులు తెలంగాణ కంటే బలవంతులు. కానీ వాళ్ల బలంలో పెద్ద భాగం డెల్టా రైతు కుటుంబాలది. సెలిగ్ హారిసన్ 1956లో రాసిన వ్యాసం ఈ కమ్మ రైతు పునాదినే చూపింది. ఆ రైతుకు పట్టా ఉంది, పొగాకు, పత్తి, వరి ధరల మీద ఆసక్తి ఉంది, కూలిరేటు పెరిగితే నష్టం కూడా ఉంది. 1948లో మద్రాసు ప్రభుత్వం మలబార్ స్పెషల్ పోలీసును దింపినప్పుడు ఆ నిర్బంధం క్రూరంగా సాగింది, ప్రాణాలు పోయాయి. ఇక్కడి రాజ్యానికి మాత్రం బీట పడలేదు. అదే సంవత్సరం, అదే నాయకత్వం, ఏటికి అటు ఒక ఫలితం, ఇటు ఒక ఫలితం.

నిర్మాణం తలుపు తీస్తుంది, సమీకరణ లోపలికి నడుస్తుంది అని సర్దుబాటు చేసి కూర్చోవచ్చు. నాకు అది చాలదు. 1946 కదలిక ఓడిపోయినా వృథా కాలేదు. వెట్టి ఆగిన ఊళ్లో దొర మాటకు పాత బరువు మళ్లీ రాలేదు; లెవీ ధాన్యం వసూలుకు పోలీసు పహరా కావలసివచ్చింది. 1947లో సరిహద్దు మీద భారత్‌ను, లోపల సంఘాన్ని ఒకేసారి ఎదుర్కోలేక నిజాం ప్రభుత్వం కాసిం రజ్వీ మూకల మీద ఆనుకుంది. ఆ మూకలు ఊళ్లు తగలబెట్టడంతో ఊగిసలాడుతున్న రైతులు కూడా సంఘం వైపు వచ్చారు. అంటే రాజ్యం బీట పైనుంచే రాలేదు, కిందనుంచి సంఘమూ దాన్ని పగలగొట్టింది. స్కాచ్‌పోల్ వివరణలో నాకు ఒప్పుదల లేనిది ఇక్కడే. ఆమె కూడా 1979 ఇరాన్ తర్వాత, కావాలని తెచ్చిన విప్లవం అంటూ ఉంటే అది ఇరానేనని ఒప్పుకుంది.

రెండు వివరణలకూ ఒకే జబ్బు రావచ్చు. విప్లవం వచ్చింది కాబట్టి రాజ్యం బలహీనం అంటాం, జనం లేచారు కాబట్టి సంస్థ బలమైనది అంటాం. అప్పుడు చెప్పినదేమీ లేదు. రాజ్యం బలహీనతను విప్లవంతో సంబంధం లేని గుర్తులతో కొలవాలి: ఆ తాలూకాలో శిస్తు ఎంత పోగైంది, లెవీ ధాన్యం గోదాముకు చేరిందా, అమీను ఊళ్లో రాత్రి నిద్రచేయగలిగాడా. సంస్థ బలాన్ని ఘటనకు ముందు తేదీతో కొలవాలి: 1946 జులైకి ముందు ఆ ఊళ్లో సంఘం సభ్యులున్నారా, సభ జరిగిందా.

ఈ పని మన యువ పరిశోధకులు చేయగలరు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ తాలూకాల ఊళ్లను ఒక వరుసలో, గురజాల తాలూకా ఊళ్లను ఇంకో వరుసలో రాసుకోండి. ప్రతి ఊరికీ సంఘం వచ్చిన ఏడాది, దొర గడీ ఖాళీ అయిన నెల, భూమి పంచిన నెల కనుక్కోండి. గడీ ఖాళీ అయ్యాక కూడా సంఘం లేని ఊళ్లలో భూమి పంపకం అదే వేగంతో జరిగినట్టు తేలితే నేను సమీకరణకు ఇచ్చిన పాత్ర తప్పు. అధికారులు రాత్రిళ్లు నిద్రచేస్తూ శిస్తు సవ్యంగా పోగవుతున్న ఊళ్లలోనే భూములు పంచి నిలబెట్టుకున్నట్టు తేలితే నిర్మాణానికి ఇచ్చిన పాత్ర తప్పు. ఆ రెండు ఒడ్ల పాత మనుషులు కొద్దిమందే మిగిలారు. వాళ్ల దగ్గరికి ముందు వెళ్లండి, రికార్డు గదులకు తర్వాత వెళ్లవచ్చు.